ప్రొఫేన్ అంటే అపవిత్రమేనా?

ప్రశ్న: మతం మీద ఎం.ఏ. పేపర్ రాస్తున్నాను. సేక్రెడ్, ప్రొఫేన్ అన్నవాటిని పవిత్రం, అపవిత్రం అని రాస్తే మా సార్ గుండ్రం చుట్టి వెనక్కి ఇచ్చేశారు. ఎక్కడ తప్పో అర్థం కావట్లేదు.

తప్పు "అపవిత్రం" అన్న మాటలోనే ఉంది. నేనూ అదే రాసి చీవాట్లు తిన్నాను. 1912లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ఈ జంటను వాడినప్పుడు ప్రొఫేన్ అంటే మురికిదనీ చెడ్డదనీ కాదు, ఉత్త మామూలుదని. సేక్రెడ్ అంటే జనం విడిగా ఉంచి, దాని చుట్టూ ఇది చెయ్యకూడదు, అలా తాకకూడదు అని నిషేధాలు పెట్టుకున్నది. అందుకే నేను "లౌకికం" అని మార్చాను.

మాది కోనసీమ. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం నాకు బాగా పనికొచ్చింది. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరితోట. ఏడాదంతా కాయలు దింపుకునే ఆ నేల మీదకు కనుమ రోజున పదకొండు ఊళ్ల రుద్రులు, వెదురుతో ఎత్తుగా కట్టి భుజాల మీద మోసే ప్రభల మీద వస్తారు. దారిలో పచ్చటి వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక కాలవలో దిగి మరీ మోసుకొస్తారు. మామూలు రోజున గేదె పడి నాలుగు దుబ్బులు మేస్తే కొట్లాటకొచ్చే రైతు, ఆ రోజు ప్రభ తన చేలోంచి వెళ్తే అదృష్టం అనుకుంటాడు. మట్టి అదే, మొక్క అదే. పవిత్రత వస్తువులో పుట్టినది కాదు, సమాజం దాని మీద పెట్టినది అని దుర్ఖైమ్ అన్నది ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు మైల. చావు జరిగిన ఇల్లు అపవిత్రం కదా, కాబట్టి ప్రొఫేన్ అని రాశాను. కాదు! ఆ ఇంటికీ నిషేధాలున్నాయి, దాన్నీ విడిగానే ఉంచుతారు. దుర్ఖైమ్ లెక్కలో శుభమూ అశుభమూ రెండూ సేక్రెడ్ వైపువే, ఒకటి రెండోదిగా మారగలదు కూడా. "అపవిత్రం" అని అనువదిస్తే ఈ సగం మొత్తం ఎగిరిపోతుంది.

అలాగని ఈ గీత అన్నిచోట్లా గట్టిగా ఉండదు. మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ 1965లో దీన్నే పట్టుకున్నాడు: ఆఫ్రికాలో తను చూసిన అజాండే తెగవాళ్లు ఇంటి ముంగిట్లో పితృదేవతల కోసం పెట్టుకున్న గూటికి, పూజ లేనప్పుడు ఈటెలు ఆనించి పెట్టుకునేవారట. అది చదవగానే పూజగది అలమరలో పొలం పాస్‌బుక్కులు దాచే మా నాన్నగారు గుర్తొచ్చారు.

నా పేపర్లో మొదట పవిత్ర వస్తువులు ఒక వరుసా, లౌకిక వస్తువులు ఒక వరుసా వేసి పట్టిక గీశాను. కొబ్బరితోటను ఎందులో వెయ్యాలో తేలలేదు. చివరికి పట్టిక తీసేసి, ప్రభ ఊళ్లో లేచిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఎవరికి ఏ నిషేధం ఎప్పుడు మొదలై ఎప్పుడు సడలిందో వరసగా రాశాను. సార్ ఈసారి గుండ్రాలు చుట్టలేదు.