ముందు గడ్డు నెల లెక్క తేల్చండి

ప్రశ్న: మా వారు ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తారు. ఒక నెల 90 వేలు వస్తాయి, ఆ తర్వాత రెండు నెలలు ఏమీ రాకపోవచ్చు. డబ్బు చేతికొచ్చిన వారంలోనే కొనుగోళ్లు, రాని నెలలో చేబదుళ్లు. నేను బడ్జెట్ రాస్తానంటే, ‘ఎంత వస్తుందో తెలియనప్పుడు రాసి ఏం లాభం?’ అంటారు. దీని మీదే రోజూ గొడవ. ఏం చేయాలి?

జవాబు: మీ వారి మాటలో నిజం ఉంది. రాబడి నుంచి మొదలుపెట్టే బడ్జెట్ మీ ఇంటికి పనికిరాదు. అందుకే ఖర్చు నుంచి మొదలుపెట్టండి. ఒక్క రూపాయి రాని నెలలో కూడా కట్టక తప్పనివి ఏమిటో ఇద్దరూ కూర్చుని రాయండి. అద్దె, సరుకులు, కరెంటు, ఇంటర్నెట్, మందులు, అప్పు వాయిదా. ఆయన పనికి తప్పనిసరైన సాఫ్ట్‌వేర్ చందా కూడా ఇందులోనే ఉండాలి, అది ఆగితే రాబడే ఆగిపోతుంది.

చాలామంది మరిచిపోయేది ఏడాదికోసారి వచ్చే ఖర్చు. బీమా 12 వేలు, పిల్లల ఫీజు 24 వేలు అనుకుందాం. మొత్తం 36 వేలను 12తో భాగిస్తే నెలకు 3 వేలు. మిగతా ఖర్చు 23 వేలైతే మీ గడ్డు నెల లెక్క 26 వేలు. ఆ 23 వేలలోనే ఇద్దరికీ చెరి కొంచెం, లెక్క అడగని సొంత ఖర్చు ఉంచండి. అది లేకుండా బిగించిన లెక్క రెండో నెలకే తెగిపోతుంది. వరసగా మూడు నెలలు 26 వేలు దాటితే ఒకరినొకరు నిందించుకోకండి. అంకె తక్కువ వేశారని అర్థం, దిద్దుకోండి.

ఇప్పుడు బ్యాంకులో రెండో ఖాతా తెరవండి. క్లయింట్లు ఇచ్చే ప్రతి పైసా అందులోనే పడాలి. పడిన రోజే పన్నుకు రావలసిన వాటాను పక్కకు తీయండి, అది మీ డబ్బు కాదు. ఆ ఖాతా నుంచి ప్రతి నెల ఒకటో తేదీన 26 వేలు ఇంటి ఖాతాకు జీతంలా వెళ్లాలి. రాబడి 90 వేలైనా, సున్నా అయినా ఆ అంకె మారకూడదు.

ఆ ఖాతాలో ఎంత నిల్వ ఉండాలి? ‘ఇన్ని నెలల ఖర్చు’ అనే గుడ్డి సూత్రం కంటే మీ ఇంటి చరిత్రే నమ్మదగినది. గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ప్రతి నెలా పన్ను వాటా పోగా చేతికి వచ్చినది రాయండి. బిల్లు పంపిన తేదీ కాదు, డబ్బు ఖాతాలో పడిన తేదీ చూడాలి. రెండింటి మధ్య చాలాసార్లు నెలకు పైగా తేడా ఉంటుంది, చేబదుళ్లన్నీ పుట్టేది అక్కడే. వరుసగా వచ్చిన అన్నింటికంటే గడ్డు కాలం వెతకండి. అది మూడు నెలలనీ, ఆ నెలల్లో 20 వేలు, సున్నా, 8 వేలు వచ్చాయనీ అనుకుందాం. 26 వేలకు తగ్గినవి 6, 26, 18 వేలు. మొత్తం లోటు 50 వేలు. గత ఏడాదికంటే గడ్డు కాలం రావచ్చు కాబట్టి ఇంకో నెల ఖర్చు కలపండి, 76 వేలు. మీ లక్ష్యం అదే.

ఈ రోజు చేతిలో ఏమీ లేకపోయినా పర్వాలేదు. ఈసారి 90 వేలు వస్తే, పన్నుకు 18 వేలు తీశారనుకుంటే 72 మిగులుతాయి. ఇంటికి 26 పోగా 46. ఇందులో 36 వేలు నిల్వకు, 10 వేలు మీరిద్దరూ వాయిదా వేస్తూ వచ్చిన కోరికలకు. అంతా నిల్వకే పెడదామనిపిస్తుంది. వద్దు, కష్టపడి సంపాదించిన మనిషికి ఆ నెలలో ఏదో ఒకటి దక్కాలి. కోరికల జాబితా ముందే రాసి వరుస వేసుకుంటే డబ్బు వచ్చిన రోజు వాదన ఉండదు. నిల్వ 76 వేలు దాటాక మిగిలినదంతా ఆ జాబితాకే వెళ్లవచ్చు.

ఈ మాట డబ్బు పడిన రోజూ, గొడవ జరిగిన రోజూ ఎత్తకండి. ‘మీరు దుబారా చేస్తున్నారు’ అనకుండా స్టేట్‌మెంట్ ముందు పెట్టి, ఆ గడ్డు కాలాన్ని ఆయన చేతే గుర్తింపజేయండి. నెలనెలా డబ్బు బదిలీ చేసే పని కూడా ఆయనకే అప్పగించండి. మీరు కాపలాదారు అయితే గొడవ రూపం మారుతుందే తప్ప తగ్గదు.

ఒక్క విషయం నిక్కచ్చిగా చెప్పాలి. గత ఏడాది పన్ను వాటా పోగా వచ్చినదంతా కలిపి 3 లక్షల 12 వేలకు, అంటే 26 వేల చొప్పున 12 నెలలకు, తక్కువైతే ఏ పద్ధతీ ఆ లోటును పూడ్చదు. అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోవలసింది ఖర్చు గురించి కాదు. ఆయన తీసుకునే రేటు పెంచడం గురించి, ప్రతి పనికీ కొంత అడ్వాన్సు అడగడం గురించి, నెలకు ఇంతని ఇచ్చే క్లయింటు ఒక్కరినైనా వెతకడం గురించి.