మిర్చి మీటర్ చేస్తున్న మా అల్లుడికి

అల్లుడా,

మిర్చి తేమ కొలిచే మీటర్ తయారుచేస్తున్నవని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా పత్తి మీటర్ ఎందుకు మూతపడిందో నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఇప్పుడు మొత్తం రాస్తున్న. డబ్బు పెట్టకముందే చదువు.

పత్తి మద్దతు ధర 8 శాతం తేమకు లెక్క. ఆపైన 12 దాకా శాతానికో శాతం కోత పడుతుంది. 12 దాటితే కొనరు. 2024లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 11 చూపిస్తే క్వింటాలుకు 225 పోతుంది, 20 క్వింటాళ్ల ట్రాలీ మీద 4,500. తేమ ఎంతుందో ఇంటికాడనే తెలిస్తే రైతు ఇంకో రెండు రోజులు ఆరబెట్టుకుని వస్తడు కదా అనుకున్న. 2,800కు అమ్మే మీటర్ ఒక్క ట్రాలీతోనే గిట్టుబాటవుతుందని లెక్క చెప్పింది. లెక్కలో తప్పు లేదు. కొలతలోనే ఉంది.

మా మీటర్‌కు రెండు ఇనుప మొనలు. తేమ ఉన్న పత్తిలో కరెంటు సులువుగా పారుతుంది, ఆ తేడాను అంకె చేసి చూపిస్తుంది. అయితే పత్తిని ఎంత గట్టిగా అదిమితే అంకె అంత పెరుగుతుంది, వేడెక్కినా పెరుగుతుంది. మేము గదిలో బుట్టెడు వదులు పత్తితో సరిచేసుకున్నం. పల్లెల్లో ట్రాలీ ఎట్ల నింపుతరో నీకు తెలుసు, కూలీలు ఎక్కి తొక్కుతూ నింపుతరు.

పరకాల దగ్గరి రైతు ఒకాయన మధ్యాహ్నం కల్లంలో కుప్ప పైన కొలిస్తే 10.5 వచ్చింది. సాయంత్రం నింపి, రాత్రంతా పట్టా కప్పకుండా మంచులో ఉంచి, పొద్దున కొనుగోలు కేంద్రానికి తెచ్చిండు. అక్కడ ట్రాలీ లోపలికి చెయ్యి పెట్టి తీసిన పత్తి 13 చూపించింది. ఆయన మా మీటర్ నా చేతిలో పెట్టి, "అన్నా, నీది చూసే కదా బండి కట్టింది" అన్నడు. ఒక్క మాట ఎక్కువ అనలే. ట్రాక్టర్ కిరాయి నేనే ఇచ్చిన. ఆ పొద్దున ఆ కేంద్రం మీటర్‌ది తప్పని నేను కూడా అనుకున్న. ఇంటికి తెచ్చిన నమూనా 100 గ్రాములు ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర, తూకం తగ్గడం ఆగేదాకా ఆరబెడితే 87 గ్రాములు మిగిలింది. అంటే 13 శాతమే. వాళ్లదే నిజం.

దాన్ని సరిచేసుకోవచ్చు. పత్తిని ఒకే బరువుతో అదిమే చిన్న డబ్బా పెట్టినం, కుప్పలో పది చోట్ల కొలిచి సగటు తీయమన్నం. అంకెలు కుదిరినయి. అయినా అమ్ముడుపోలే. రెండో ఏరుడు అయిపోయినంక కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, ఎన్నిసార్లు వాడినవ్ అని అడిగిన. ఎక్కువమంది ఒకటే సారి అన్నరు. 13 అని తెలిస్తే ఏం చేస్తరు? ఆరబెట్టడానికి కల్లంలో జాగా లేదు, ట్రాక్టర్‌కు బయానా ఇచ్చిన్రు, పెట్టుబడికి అప్పిచ్చిన అడ్తిదారు సరుకు కోసం చూస్తున్నడు. ఆరిందో లేదో చూడడానికైతే గింజను కొరికి టక్కుమంటదో లేదో చూసుకుంటరు, దానికి పైసా ఖర్చు లేదు. మేము అంకె అమ్మినం. రైతుకు కావలసింది ఆరబెట్టే జాగా, ఇంకో రెండు రోజుల వ్యవధి.

ఇది ముందే తెలిసేది. "ఇట్లాంటిది ఉంటే బాగుంటదా?" అని అడిగితే ఎవరైనా బాగుంటదనే అంటరు. ఆ మాటలు రాసుకుని 200 మీటర్లు చేయించిన. 500 బయానా కట్టమని అడిగి ఉంటే, ఎంతమంది జేబులో చెయ్యి పెట్టేవాళ్లో అప్పుడే తేలేది. 2025 జనవరిలో ఆపేసిన. తిరిగి ఇచ్చిన ప్రతి మీటర్‌కూ డబ్బు కట్టిన.

ఇప్పుడు నీ మిర్చి సంగతి. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఖరీదుదారు బస్తా కోసి గుప్పెడు తీసి రంగు చూస్తడు, విరిచి చూస్తడు, ధర అక్కడే తేలుతుంది. నీ అంకెను ఆయన ఒప్పుకుంటడా? ఒప్పుకోకపోతే రైతుకు అది దేనికి పనికొస్తది? కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టేవాళ్లకైతే పనికి రావచ్చు, ఎందుకంటే తేమ ఎక్కువుంటే బూజు పట్టి నష్టపోయేది వాళ్లే. ముందు వాళ్లను అడుగు.

ఫిబ్రవరిలో మిర్చి జోరుగా వస్తది. పది రోజులు సెలవు పెట్టుకుని రా, పొద్దున నాలుగింటికే యార్డుకు పోదాం. మీటర్ ఇంట్లోనే ఉంచు, ఒక నోటుబుక్కు, చిన్న కవర్లు తెచ్చుకో. ధర పలికిన ప్రతి బస్తా నుంచి అడిగి గుప్పెడు తీసుకుని, ధర రాసి కవర్లో వేద్దాం. ఓవెన్, తూకం మిషన్ నా దగ్గర ఇంకా ఉన్నయి. తేమకూ పలికిన ధరకూ సంబంధం ఉందో లేదో ఆ కవర్లలోనే తేలుతుంది.

మీ మామ