ముగింపు రాసేటప్పుడు మొదటి పేరాను కాగితంతో మూసేయండి

ప్రశ్న: వ్యాసంలో చివరి పేరాకి వచ్చేసరికి మొదటి పేరానే మళ్లీ రాసేస్తున్నాను. మాటలు మార్చి చూసినా అదే చదివినట్టు ఉంటోంది. ముగింపు ఎలా రాయాలి?

జవాబు:

డిగ్రీ రెండో సంవత్సరం దాకా నేనూ ఇలాగే రాసేదాన్ని. ఒకసారి మా లెక్చరర్ వ్యాసం తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే, చివరి పేరా నుంచి మొదటి పేరా దాకా ఎర్ర పెన్నుతో పొడవాటి బాణం గీసి ఉంది. పక్కన "ఇది ఇంతకుముందే చదివాను" అని రాశారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఒక్క వాక్యం కూడా ఎత్తి రాయలేదు. 'ముఖ్యం' అన్నదాన్ని 'కీలకం' చేశాను, 'వల్ల' తీసి 'కారణంగా' పెట్టాను. ఇంటికి వెళ్లి రెండు పేరాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. మాటలు వేరు, కానీ ఏ విషయం తర్వాత ఏ విషయం వస్తుందన్న వరస అదే. చివరి పేరా చదివినవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

నా తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత గమనించాను. ముగింపు రాయబోయే ముందు పైకి వెళ్లి "నేను ఏం చెప్తానన్నాను?" అని మొదటి పేరా చదివేదాన్ని. అది చదివాక చేతికి ఆ వాక్యాలే వస్తాయి. నిజానికి అప్పుడు చదవాల్సింది మధ్య పేరాలను. మొదటి పేరా రాసినప్పుడు మన వాదన ఇంకా వట్టి మాటే. మధ్య పేరాలు దాటేసరికి దానికి కారణాలు, షరతులు, మినహాయింపులు వచ్చి చేరతాయి. ముగింపులో కనిపించాల్సింది అలా చేరినదే. అందుకే ఇప్పుడు ముగింపు రాసేముందు మొదటి పేరా మీద కాగితం కప్పేస్తాను, కంప్యూటర్లో అయితే అది కనబడకుండా కిందికి జరిపేస్తాను. తర్వాత మధ్యలో ఉన్న ఒక్కో పేరా చదివి, అది ఏం తేల్చిందో ఒకే ఒక్క వరుసలో పక్కన రాసుకుంటాను.

ఒక వ్యాసం చూపిస్తే తేలిగ్గా ఉంటుంది. మా అక్క కూతురు పుస్తకం చూసి రాసే పరీక్షల గురించి రాసింది. పరీక్ష ముందు రాత్రి గదిలో అటూ ఇటూ తిరుగుతూ నిర్వచనాలు వల్లించే ఒక విద్యార్థితో మొదలుపెట్టి, మొదటి పేరా చివర ఇలా అంది:

"పుస్తకం చూసి రాసే పరీక్షలు విద్యార్థులకు మేలు చేస్తాయి. బట్టీ పట్టే భారం తగ్గుతుంది, అర్థం చేసుకుని రాయడం అలవాటవుతుంది."

ముగింపు ఇది:

"ఈ విధంగా ఓపెన్ బుక్ పరీక్షలు విద్యార్థులకు ఎంతో ఉపయోగపడతాయి. కంఠస్థం చేసే ఒత్తిడి తగ్గి, అవగాహనతో రాసే అలవాటు పెరుగుతుంది."

మీరు చెప్పిన సమస్యే ఇది. మొదటి పేరా మూసేసి, మధ్య పేరాలు మూడింటికీ ఒక్కో వరుస రాయమన్నాను. మొదటిదానికి "బట్టీ పట్టింది పరీక్ష అవ్వగానే మర్చిపోతాం" అని రాసింది. రెండోదానికి "నిర్వచనం రాయమని అడిగి పుస్తకం కూడా ఇస్తే, అది చూసి ఎక్కించడమే". మూడోదానికి "ముందు చదవనివాళ్లకు పేజీలు వెతకడంలోనే టైమ్ అయిపోతుంది". చూశారా, రెండోదీ మూడోదీ తన మొదటి పేరాలో ఎక్కడా లేవు. రాస్తూ రాస్తూ తనకు దొరికినవి అవి. "ఈ మూడూ నిజమే అనుకో. అయితే ఏంటి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అయితే పుస్తకం ఇచ్చేస్తే సరిపోదు పిన్నీ, ప్రశ్నపత్రం కూడా మారాలి" అంది. అదే రాయమన్నాను. రెండు మూడు సార్లు కొట్టేసి రాశాక ఇలా వచ్చింది:

"పుస్తకం పక్కనే ఉన్నా, ముందు చదవనివాళ్లు దాన్ని వాడుకోలేరు. కాబట్టి ఈ పద్ధతిలో చదవాల్సిన పని తగ్గిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ నిర్వచనాలు అడిగే పాత ప్రశ్నపత్రాన్నే ఉంచి పుస్తకం చేతికిస్తే, బట్టీ పోయి దాని స్థానంలో నకలు వస్తుంది. ముందు మారాల్సింది ప్రశ్నలు. అవి మారితే, పరీక్ష ముందు రాత్రి ఆ విద్యార్థి గదిలో తిరుగుతూ వల్లించడు, పుస్తకం ముందు కూర్చుని ఏది ఎందుకు అలా ఉందో చూసుకుంటాడు."

ఇందులో వాదన మారలేదు. తను ఇప్పటికీ ఆ పరీక్షల వైపే ఉంది. అయితే మొదట "మేలు చేస్తాయి" అని గుండుగుత్తగా అన్నది, ఇప్పుడు "ప్రశ్నలు మారితే మేలు చేస్తాయి" అయింది. ఆ షరతును మధ్య పేరాలే సంపాదించి పెట్టాయి కాబట్టి చదివేవాళ్లకు అది ఊడిపడినట్టు అనిపించదు. చివరి వాక్యంలో మొదటి పేరాలోని విద్యార్థి మళ్లీ వచ్చాడు గానీ, వేరే పని చేస్తున్నాడు. మొదటి పేరా నుంచి ఇలా ఒక్క దృశ్యమో ఒక్క మాటో వెనక్కి తెచ్చుకోవచ్చు. అంతకు మించితే మళ్లీ పాత కథే.

ఇలా రాసేటప్పుడు జారిపోయే చోటు ఒకటుంది. కొత్తగా ఏదో చెప్పాలన్న ఆత్రంలో ముగింపులో కొత్త ఉదాహరణో కొత్త కారణమో పెట్టేస్తాం. నేను ఆ ఎర్ర బాణం తర్వాత కొన్నాళ్లు అదే చేశాను. దాన్ని వివరించడానికి అక్కడ చోటుండదు, వ్యాసం మధ్యలో ఆగిపోయినట్టు కనబడుతుంది. అలాంటిది తోస్తే మధ్యలో ఒక పేరాగా రాయాలి, లేదా వదిలేయాలి. ముగింపులో కొత్తగా ఉండాల్సింది, ముందే చెప్పినవాటిని కలిపి చూస్తే తేలే విషయం మాత్రమే. నిడివి కూడా వ్యాసంలో పదో వంతు చుట్టుపక్కల ఉంటే చాలు, అంటే 800 మాటల వ్యాసానికి 80 మాటలు. మరీ చిన్న వ్యాసానికి రెండు వాక్యాలు సరిపోతాయి. ఏ వంద పేజీల రిపోర్టుకో అయితే ఈ పద్ధతి ఒక్కటే చాలదు. చాలామంది చివరి భాగమే తిరగేస్తారు కాబట్టి అక్కడ ముఖ్యాంశాలన్నీ మళ్లీ చెప్పక తప్పదు.

రాశాక నేను చేసే పరీక్ష ఒకటే. చివరి పేరాను తీసుకెళ్లి మొదటి పేరా స్థానంలో పెట్టి చదువుతాను. అక్కడ కూడా చక్కగా అతికిపోతే, అది ముగింపు కాదు, రెండో పరిచయం. మా అక్క కూతురు రాసిన మొదటి ముగింపులో 'ఈ విధంగా' తీసేసి చూడండి, ఏ ఇబ్బందీ లేకుండా వ్యాసం దానితో మొదలైపోతుంది. రెండోదానితో మొదలుపెడితే "ఏ భయం? ఏ విద్యార్థి?" అని వెంటనే అడుగుతాం.

ఈ క్రమంలో ఒక్కోసారి ఇంకోటి జరుగుతుంది. మధ్య పేరాలు చదివి రాసిన ముగింపు మొదటి పేరాతో పొసగదు, "నేను మొదట అన్నది ఇది కాదే" అనిపిస్తుంది. అప్పుడు ముగింపును కొట్టేయకండి. వ్యాసం నిజంగా చెప్పింది అదే కాబట్టి, కాగితం తీసి మొదటి పేరాను దానికి తగ్గట్టు సరిచేయండి. నేను ఇప్పటికీ ఎక్కువసార్లు మొదటి పేరానే చివర్లో తిరగరాస్తుంటాను.