టైమ్ కరెక్టే, కోడే తప్పంటోంది

ప్రశ్న: మా వారు మర్చంట్ నేవీలో చేస్తారు. మొన్ననే గల్ఫ్‌లో సైన్ ఆఫ్ అయి వచ్చారు. అప్పట్నుంచి అథెంటికేటర్ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్ ఏ సైట్‌లో కొట్టినా "Invalid code" అంటోంది. ఫోన్‌లో టైమ్ మా గోడ గడియారంతో సరిపోతోంది. జగదాంబ దగ్గర షాపులో అడిగితే, యాప్ తీసేసి మళ్లీ వేస్తే సరిపోతుందన్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దండీ, ఆ యాప్ జోలికి వెళ్లకండి. ఒక్కో అకౌంట్‌కీ మొదట్లో QR స్కాన్ చేసినప్పుడు దిగిన రహస్య కీ ఆ యాప్‌లోనే ఉంటుంది. బ్యాకప్ లేకుండా యాప్ తీసేస్తే కీలన్నీ దాంతోపాటే పోతాయి. అప్పుడు కోడ్ తప్పు రావడం కాదు, అసలు కోడే ఉండదు. ఇంత సులువుగా "తీసేసి వేయండి" అనేవాళ్లు, రేపు మీ ఈమెయిల్ తెరుచుకోకపోతే మీతో కూర్చుని తెరిపించరు.

మీరు రాసిన వాటిలో నాకు పనికొచ్చిన మాట "ఏ సైట్‌లో కొట్టినా" అన్నది. ఒక్క సైట్ మాత్రమే కోడ్ వద్దంటే గడియారాన్ని అనుమానించక్కర్లేదు. ఆ సైట్‌కి యాప్‌లో పాత ఎంట్రీ ఒకటి, కొత్త ఎంట్రీ ఒకటి ఉండి, మనం పాతదాన్ని చూసి కొడుతుంటాం. లేదా ఆఫీసువాళ్లు సొంతంగా నడిపే సర్వర్ టైమే తప్పి ఉంటుంది. అప్పుడు ఆఫీసులో అందరికీ ఒకేసారి కోడ్‌లు ఆగిపోతాయి. అన్ని సైట్లూ ఒక్కసారిగా వద్దంటే మాత్రం తేడా ఫోన్ గడియారంలోనే ఉంది.

గోడ గడియారంతో కలుస్తోంది కదా అంటారు. స్క్రీన్ మీద మనకు కనిపించే టైమ్ వేరు, ఫోన్ లోపల నడిచే టైమ్ వేరు. లోపల ఫోన్ లెక్కపెట్టేది UTC ప్రకారం, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా ఉండే టైమ్ ప్రకారం, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను. దానికి టైమ్ జోన్ కలిపి మనకు చూపిస్తుంది. అథెంటికేటర్ యాప్ జోన్‌ని పట్టించుకోదు. ఆ సెకన్లను 30తో భాగించి, వచ్చిన అంకెనీ రహస్య కీనీ కలిపి ఆరంకెలు తీస్తుంది. సైట్ కూడా తన దగ్గరున్న కీతో అదే లెక్క కడుతుంది. రెండు లెక్కలూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీ వారి ఫోన్ దగ్గరికి వద్దాం. షిప్పులో గడియారాలను కెప్టెన్ ఆర్డర్ ప్రకారం ముందుకో వెనక్కో జరుపుతారు. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆటోమేటిక్ టైమ్ తీసేసి, ఫోన్‌లో కూడా చేత్తోనే మార్చుకోవడం అక్కడ మామూలు. నా అంచనా ఏమిటంటే, గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఫోన్‌లో టైమ్ జోన్ దుబాయ్‌కి మారింది, అంటే UTC కంటే 4 గంటలు ముందు. ఇంటికి వచ్చాక టైమ్ గంటన్నర వెనక కనిపించేసరికి ఆయన గంటన్నర ముందుకు తిప్పేశారు. జోన్ మాత్రం దుబాయ్‌లోనే ఉండిపోయింది.

ఫోన్ ఇప్పుడు రాత్రి 7:30 చూపిస్తోందనుకోండి. మన దగ్గర కూడా 7:30 కాబట్టి కళ్లకు అంతా బాగుంది. కానీ ఫోన్ మాత్రం "దుబాయ్‌లో 7:30 అయింది, కాబట్టి UTC 15:30" అనుకుంటోంది. మన టైమ్ UTC కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి అసలు UTC అప్పటికి 14:00 మాత్రమే. అంటే లోపలి గడియారం 90 నిమిషాలు, సెకన్లలో చెబితే 5,400, ముందుంది. 30 సెకన్లకో కోడ్ చొప్పున ఆయన చూస్తున్నది 180 కోడ్‌ల తర్వాత రావాల్సినది. చాలా సైట్లు అప్పటి కోడ్‌తో పాటు దాని ముందుదో వెనకదో ఒక్కటి ఒప్పుకుంటాయి, అంతకు మించి ఒప్పుకోవు.

నా అంచనా నిజమో కాదో నెట్ లేకుండానే చూడొచ్చు. ఫోన్‌లో క్లాక్ యాప్ తెరిచి వరల్డ్ క్లాక్‌లో కోల్‌కతా చేర్చండి. సరైన ఫోన్‌లో కోల్‌కతా టైమ్, పైన కనిపించే టైమ్ ఒకటే ఉండాలి. మీ వారి ఫోన్‌లో పైన 7:30 ఉండి కోల్‌కతా పక్కన 9:00 కనిపిస్తే దొంగ దొరికినట్టే.

సరిచేయడానికి ఎంతోసేపు పట్టదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో Date & time దగ్గర ఆటోమేటిక్ టైమ్, ఆటోమేటిక్ టైమ్ జోన్ రెండూ ఆన్ చేయాలి. వాటి పేర్లు ఫోన్‌ని బట్టి కాస్త మారతాయి. ఐఫోన్‌లో General, Date & Time, Set Automatically. రెండూ ఆన్ అయ్యాక వైఫైకి గానీ సిమ్ నెట్‌కి గానీ కలిపి ఉంచండి. తమాషా ఏమిటంటే, స్క్రీన్ మీద 7:30 అలాగే ఉంటుంది, ఏమీ మారినట్టు అనిపించదు. వరల్డ్ క్లాక్‌లో కోల్‌కతా 7:30కి దిగిందా అన్నదే చూసుకోవాలి. ఆ తర్వాత ఒకసారి కోడ్ మారేదాకా ఆగి, కొత్తది కొట్టండి. ఇప్పటికే నాలుగైదుసార్లు తప్పు కొట్టి ఉంటే సైట్ కాసేపు లాక్ చేసి ఉండొచ్చు. కోడ్ సరైనదైనా అప్పుడు తీసుకోదు. వెంటవెంటనే కొట్టకుండా కొంతసేపు ఆగండి.

బ్యాంకు ఎస్ఎంఎస్ ఓటీపీ బాగానే పనిచేస్తోంది కదా, ఫోన్‌లో తప్పుంటే అదీ ఆగాలి కదా అని అడుగుతుంటారు. ఎస్ఎంఎస్ ఓటీపీని బ్యాంకు తయారుచేసి పంపుతుంది. దానికి మీ ఫోన్ గడియారంతో పని లేదు. బ్రౌజర్ కూడా గంటన్నర తేడాకి కిక్కురుమనదు. రోజులకు రోజులు తప్పితేనే సర్టిఫికెట్ ఎర్రర్లు మొదలవుతాయి. అందుకే ఈ తప్పు అథెంటికేటర్‌లోనే బయటపడుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇక్కడే ఉంది. ఆ ఫోన్‌లో ఇప్పుడు కనిపిస్తున్న కోడ్ "తప్పు" కోడ్ కాదు. గంటన్నర తర్వాత సరిగ్గా ఆ అరనిమిషంలో అది పనిచేసే కోడ్. "చూడండి, ఈ కోడ్ తీసుకోవడం లేదు" అని స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ చేసినవాడికి పంపారనుకోండి, పాస్‌వర్డ్ కూడా వాడి చేతిలో ఉంటే గంటన్నర ఓపిక పట్టడమే వాడి పని. చెల్లని కోడే కదా అని ఎవరికీ చూపించకండి.

దీన్నే కావాలని కూడా చేయొచ్చు. కోడ్ కట్టడానికి కీ, టైమ్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. అన్‌లాక్ చేసిన ఫోన్ రిపేరుకి ఇచ్చి టీ తాగడానికి వెళ్తాం. గడియారాన్ని రేపు ఉదయం పదింటికి తిప్పి, అప్పుడు రాబోయే కోడ్‌లు ఫొటో తీసుకుని, మళ్లీ వెనక్కి తిప్పేయడానికి ఎంతసేపు పడుతుంది? అథెంటికేటర్ యాప్‌కి వేలిముద్ర లాక్ పెట్టుకునే వీలుంటే ఈరోజే పెట్టుకోండి. షాపులో ఫోన్ ఇవ్వాల్సి వస్తే ఎదురుగా నిలబడండి. యాప్‌లోంచి అకౌంట్లు ఇంకో ఫోన్‌కి మార్చే QR ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం ఏ షాపువాడికీ చూపించొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు. ఆరంకెల కోడ్ అరనిమిషంలో పోతుంది. ఆ QRలో ఉన్నది అసలు కీ, మీరు సైట్‌లోకి వెళ్లి మార్చేదాకా అది చెల్లుతూనే ఉంటుంది.

షాపువాళ్లనే అనడం ఎందుకు, ఈ యాప్‌లు చేసేవాళ్లనీ అనాలి. నెట్ ఉన్నప్పుడు సరైన టైమ్ తెలుసుకుని, "మీ ఫోన్ గంటన్నర ముందుంది, ఈ కోడ్‌లు పనిచేయవు" అని ఒక్క ఎర్ర గీత చూపించడానికి ఏం కష్టం? బాగా వాడకంలో ఉన్న ఒక యాప్‌లో కోడ్‌ల టైమ్ సరిచేసే బటన్ ఒకటి ఉండేది. అప్‌డేట్లలో అదీ మాయమైంది. యూట్యూబ్ వీడియోల్లో మాత్రం ఇప్పటికీ దాన్ని నొక్కమంటూనే ఉన్నారు, జనం వెతుక్కుంటూనే ఉన్నారు. సైట్ల సంగతి ఇంకా ఘోరం. "Invalid code, try again" అంటే మనిషి మళ్లీ అదే కొడతాడు, ఆనక లాక్ పడుతుంది.

అలాగని వాడేవాళ్లు తక్కువ తిన్నారా? ఆఫీసు బస్సు తప్పిపోతుందేమోనని ఫోన్ గడియారం పది నిమిషాలు ముందు పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గేములో లైఫ్‌లు అయిపోతే గడియారం ముందుకు తిప్పే పిల్లలు ఉన్నారు, పిల్లల పేరు చెప్పి తిప్పే పెద్దలూ ఉన్నారు. పది నిమిషాలంటే 20 కోడ్‌లు. అలారం ముందు పెట్టుకోండి, గడియారాన్ని వదిలేయండి.

ఇంకో రకం ఉత్తరాలు కూడా ఇదే విషయం మీద వస్తున్నాయి. "కోడ్ ఒక్కోసారి తీసుకుంటుంది, ఒక్కోసారి తీసుకోదు" అని. వీళ్లలో చాలామంది సిమ్ తీసేసిన పాత ఫోన్‌ని అథెంటికేటర్ కోసమే బీరువాలో పెట్టుకున్నవాళ్లు. ఆలోచన మంచిదే, కానీ నెట్ తగలని ఫోన్‌లో గడియారం రోజుకు సుమారు సెకనున్నర, రెండు సెకన్ల దాకా జరగొచ్చు. నెలకి అది 45 నుంచి 60 సెకన్ల దాకా పోతుంది. ఇది సరిహద్దు తేడా కాబట్టి గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. కోడ్ కొత్తగా రాగానే కొడితే తీసుకుని, చివర్లో కొడితే వద్దంటే ఫోన్ వెనకబడింది. రాగానే వద్దని, గుండ్రం గీత అయిపోవస్తుండగా తీసుకుంటే ఫోన్ ముందుంది. నెలకోసారి ఆ ఫోన్‌ని కాసేపు వైఫైకి కలపండి, చాలు.

మీ వారు మళ్లీ షిప్పెక్కే ముందు ఒక మాట చెప్పండి. షిప్పు టైమ్ మారినప్పుడల్లా ఫోన్‌లో టైమ్‌ని ముట్టుకోకుండా, ఆండ్రాయిడ్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఒక్కటే, ఐఫోన్‌లో అయితే Set Automatically ఆఫ్ చేసి, జోన్‌ని మాత్రం ఆ టైమ్ నడిచే ఊరికి మార్చుకోమనండి. దుబాయ్ టైమ్‌కి దుబాయ్, సింగపూర్ టైమ్‌కి సింగపూర్. అప్పుడు స్క్రీన్ మీద షిప్పు టైమే కనిపిస్తుంది, లోపల UTC చెదరదు. షిప్పులో శాటిలైట్ వైఫై దొరికినప్పుడు ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లోనే ఉంటే సెకన్లు కూడా సర్దుకుంటాయి. ముఖ్యమైన అకౌంట్ల రికవరీ కోడ్‌లు కాగితం మీద రాయించి, ఒక కాపీ ఆయన డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో, ఒకటి మీ ఇంటి బీరువాలో పెట్టండి.