జరిగిపోయాక పాత జాతకఫలం ఎలా సరిచూడాలి?

«రాయగడలో ఉండే స్నేహితుడిది మేష లగ్నం, శని నాలుగులో. గురు దశలో శని అంతర్దశకి బదిలీ, తల్లికి అనారోగ్యం అని నోట్ చేసుకున్నా. కోరాపుట్‌కి బదిలీ అయింది. అమ్మగారు బాగున్నారు. ఇల్లు మారడానికి అప్పు చేశాడు, అది నేను చెప్పలేదు. నా ఫలం కరెక్టా, తప్పా?»

మొత్తానికి ఒకటే మార్కు వేయకండి, వాక్యం వాక్యం విడదీసి చూడండి. ముందు అప్పుడు రాసింది రాసినట్టే పక్కన పెట్టుకోండి. జరిగింది తెలిశాక చక్రం చూస్తే దేనికైనా కారణం దొరుకుతుంది.

బదిలీకి ఆధారం గట్టిదే. దశమాధిపతి శని నాలుగులో ఉండి ఏడో దృష్టితో పదిని చూస్తున్నాడు, ఉద్యోగమూ ఇల్లూ కలిశాయి. కానీ గురువులో శని అంతర్దశ రెండున్నరేళ్లు. మీ స్నేహితుడు బదిలీలుండే ఉద్యోగి అయితే, అంత కాలంలో అది మామూలుగానే వస్తుంది. అందుకే సగం మార్కే ఇస్తాను. ఈసారి ప్రత్యంతర్దశ కూడా రాయండి. అందులో మొదటిదైన శని ప్రత్యంతర్దశ సుమారు అయిదు నెలలే, అప్పుడు పరీక్ష నిజమైనది.

తల్లి విషయం అతిగా చదివారు. నాలుగో స్థానం ఇల్లూ, తల్లీ రెండూ. తల్లి అనాలంటే చంద్రుడు కూడా దెబ్బతినాలి. ఆయన రెండులో ఉచ్ఛలో ఉంటే శని దృష్టి అక్కడ పడదు. మీ చక్రంలో ఎక్కడున్నాడో చూడండి.

అప్పు మాత్రం కళ్లముందే ఉంది, శని మూడో దృష్టి ఆరో ఇంటి మీదే. నాలుగో స్థానం దగ్గరే ఆగిపోయి మిగతా దృష్టులు చూడలేదు.