14 నెలల బాబుకు జ్వరం, విరేచనంలో రక్తం: రేపటిదాకా ఆగవచ్చా?

"మా బాబుకి 14 నెలలు, 10 కిలోలు ఉంటాడు. రాత్రి నుంచి 102 జ్వరం, ఐదారు విరేచనాలు. పొద్దున్నుంచి రక్తం, జిగురు పడుతున్నాయి. ఇంట్లో మెట్రోనిడజోల్ సిరప్ ఉంది. అది వేసి రేపటిదాకా చూడొచ్చా?"

ఆగకండి, ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ సిరప్ కూడా వేయకండి. ఈ వయసులో ఇలా ఉంటే మొదట అనుమానించేది షిగెల్లా అనే బ్యాక్టీరియాను. మెట్రోనిడజోల్ అమీబా మీద పనిచేస్తుంది గానీ దీని మీద పనిచేయదు. విరేచనాలను ఆపే లోపెరమైడ్ లాంటి మందులు అసలే వద్దు.

బయల్దేరేలోపే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. పెద్ద ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం పొడి గ్లాసులో వేసి అందాజాగా కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. షాపులో దొరికే తియ్యటి డబ్బా డ్రింకులు దీనికి బదులు కావు. వాటిలోని చక్కెర పేగులోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలను పెంచుతుంది.

విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. పట్టండి. కళ్లు లోపలికి పోయి, ఆత్రంగా తాగుతూ, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటుంటే నీరు బాగా తగ్గినట్టే. అప్పుడు కిలోకు 75 మి.లీ. చొప్పున మీ బాబుకు నాలుగు గంటల్లో 750 మి.లీ. వెళ్లాలి. అంటే నిమిషంన్నరకు ఒక టీస్పూను. గ్లాసుతో పట్టిస్తే కక్కేస్తాడు. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టండి. తల్లిపాలు మానొద్దు.

యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే మలంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే మల కల్చర్‌కు నమూనా ఇవ్వగలిగితే మంచిది. శుభ్రమైన డబ్బాలో మూత్రం కలవకుండా, రక్తం, జిగురు ఉన్న భాగమే తీయండి. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే షిగెల్లా చచ్చిపోయి రిపోర్టులో ఏమీ రాదు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది, డాక్టరు అందాకా మందు ఆపరు. కానీ మన దగ్గర షిగెల్లా చాలా మందులకు లొంగడం లేదు. రెండు రోజుల్లో జ్వరం, రక్తం తగ్గకపోతే ఏ మందుకు మారాలో ఆ రిపోర్టే చెబుతుంది.

రక్తపరీక్ష రాస్తే వాయిదా వేయకండి. షిగెల్లాలో రక్తంలో చక్కెర, సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. కారణం షిగెల్లా కాక కొన్ని రకాల ఈ.కోలై బ్యాక్టీరియా అయితే వాటి విషం కిడ్నీలను దెబ్బతీస్తుంది. విరేచనాలు తగ్గుతున్నాయి అనుకునే సమయంలోనే పిల్లాడు పాలిపోయి, మూత్రం తగ్గిపోతుంది. అందుకే వారం పది రోజులు మూత్రం గమనిస్తూ ఉండండి.

మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఉండుండి కాళ్లు ముడుచుకుని గట్టిగా ఏడ్చి, మధ్యలో నీరసంగా పడిపోతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. దాన్ని అల్ట్రాసౌండ్‌లో గుర్తిస్తారు, కాబట్టి స్కానింగ్, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి.