మేనకోడలికి: వీసా కిటికీ దగ్గర రెండు వాక్యాలు

రాయగడ

చిట్టితల్లీ,

హైదరాబాద్‌లో నీ అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరికిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు జవాబులు రాసి పంపిన ఆరు పేజీలూ చదివాను. ఇంగ్లిష్ బాగుంది. అయినా వాటిని బట్టీ పట్టకు. ఎందుకో చెబుతాను.

ఇరవై ఏళ్లుగా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లల చేత ఇలాంటి జవాబులు చెప్పించి విన్నాను. అందరిదీ ఒకటే ఇబ్బంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడి పెరిగాం కదా, రెండింటిలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. కథంతా చెప్పి అసలు సంగతి ఆఖరున చెప్పడం మనకి అలవాటు. ‘నీ ఫీజు ఎవరు కడతారు?’ అని అడిగితే మన పిల్ల ‘ఆక్చువల్లీ సర్, మై ఫాదర్ స్టార్టెడ్ హిజ్ బిజినెస్ ట్వంటీ ఇయర్స్ బ్యాక్’ అని మొదలుపెడుతుంది. ఇంటర్వ్యూ మొత్తం చాలాసార్లు రెండు మూడు నిమిషాలకి మించదు. ఆ కథ పూర్తయ్యేలోపు ఆఫీసర్ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు, అసలు జవాబు నీ నోట్లోనే ఉండిపోతుంది.

అందుకే ఒక్క పద్ధతి పట్టుకో. మొదటి వాక్యమే జవాబు కావాలి. రెండో వాక్యంలో దానికి ఆధారం చెప్పు. అక్కడితో ఆపెయ్.

డబ్బు సంగతే చూద్దాం. యూనివర్సిటీ పంపిన నీ ప్రవేశ పత్రం ఐ-20లో ఏడాది ఖర్చు 26,000 డాలర్లు అని ఉంది. డాలరు 90 రూపాయలు అనుకుంటే 23 లక్షల 40 వేలు, రెండేళ్లకి 46 లక్షల 80 వేలు. బ్యాంకు లోన్ 35 లక్షలు మంజూరైంది, బావ ఖాతాలో 14 లక్షలున్నాయి. రెండూ కలిపితే 49 లక్షలు, సరిపోతుంది. ఈ లెక్క కాగితం చూడకుండా చెప్పేలా ఉండాలి. ‘హూ ఈజ్ స్పాన్సరింగ్ యూ?’ అంటే, ‘మై ఫాదర్. హి రన్స్ ఎ క్లాత్ షాప్, అండ్ వుయ్ హావ్ ఎ బ్యాంక్ లోన్ ఆఫ్ థర్టీ ఫైవ్ ల్యాక్స్.’ అంతే. ‘రెండో ఏడాదికి?’ అని అడిగితే, ‘ద లోన్ అండ్ అవర్ సేవింగ్స్ కవర్ బోత్ ఇయర్స్’ అను. 14 లక్షల సంగతి అడిగితేనే చెప్పు.

‘ఈ యూనివర్సిటీయే ఎందుకు?’ అన్నదానికి నువ్వు ర్యాంకు, క్యాంపస్, ప్రపంచస్థాయి అధ్యాపకులు అని రాశావు. అవి ఎవరైనా చెప్పగలరు. నీ దగ్గర అంతకంటే మంచి జవాబు ఉంది, దాన్ని ఐదో పేజీలో దాచేశావు. బీటెక్ ప్రాజెక్టులో మహేంద్రతనయ నీళ్లు పరీక్షించావు కదా! ‘దే హావ్ ఎ వాటర్ ట్రీట్‌మెంట్ ల్యాబ్. మై బీటెక్ ప్రాజెక్ట్ వాజ్ ఆన్ ద రివర్ ఇన్ మై టౌన్.’ ఇది నువ్వు తప్ప ఇంకొకరు చెప్పలేని జవాబు.

అయితే ఇలా చెబితే అనుకోని ప్రశ్న వస్తుంది. ‘ఏం తేలింది?’ అని అడగవచ్చు. అడిగితే సంతోషించు, వాళ్లు నీ మాట వింటున్నారన్నమాట. పెద్ద పదాలు వెతకొద్దు. ‘టర్బిడిటీ’ అనబోయి నాలుక తడబడితే కంగారు మొదలవుతుంది. ‘ఆఫ్టర్ ద ఫస్ట్ రెయిన్స్, ద వాటర్ హ్యాడ్ టూ మచ్ మడ్’ అంటే చాలు.

అనుకోని ప్రశ్నల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది బంధువుల గురించి అడిగినప్పుడే. ‘అమెరికాలో ఎవరైనా ఉన్నారా?’ అనగానే, ఉన్నారంటే వీసా రాదేమోనన్న భయంతో ‘నో’ అనేస్తారు. డాలస్‌లో మీ బాబాయి ఉన్నారని నీ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో రాశాం. ఆ ఫారం వాళ్ల కంప్యూటర్ తెరమీదే ఉంటుంది. ‘యెస్, మై అంకుల్ లివ్స్ ఇన్ డాలస్’ అని ఊరుకో. బాబాయి ఉండటం తప్పు కాదు. అబద్ధం చెబితే మాత్రం ఈ ఒక్క వీసాతో పోదు, ఆ దేశంలోకి ఎప్పటికీ రానివ్వకుండా చేసే నిబంధన ఉంది. ఇంటర్వ్యూకి ముందురోజు డీఎస్-160 కాపీ మొదటినుంచి చివరిదాకా చదువుకో.

ప్రశ్న వినపడకపోతే ఊహించి జవాబు చెప్పకు. మధ్యలో అద్దం ఉంటుంది, మాట మైకులోంచి వస్తుంది, వాళ్ల యాస మనకి కొత్త. ‘సారీ, కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?’ అని అడగడం తప్పేమీ కాదు. విని కూడా జవాబు తెలియకపోతే ‘ఐ డోంట్ నో దట్ యెట్’ అను. ఆ రెండు వాక్యాలూ నిద్రలో లేపినా వచ్చేలా పలుకు. బట్టీ పట్టాల్సినవి అవే.

ఇక మౌనం సంగతి. ఇది మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మీ వదినకి మొదటిసారి వీసా రాలేదని నీకు తెలుసు. జవాబులన్నీ బాగానే చెప్పింది. తర్వాత ఆఫీసర్ ఏమీ అనకుండా టైప్ చేస్తూ ఉన్నారట. ఆ నిశ్శబ్దం భరించలేక, అడక్కుండానే ‘అక్కడ ఉద్యోగం వస్తే లోన్ త్వరగా తీరిపోతుంది’ అనేసింది. చేతికి 214(బి) కాగితం వచ్చింది. ఆ ఒక్క మాట వల్లే అని ఎవరూ చెప్పలేదు. కానీ ఆ సెక్షన్ చెప్పేదేమిటంటే, స్టూడెంట్ వీసాకి వచ్చినవాళ్లు అక్కడే స్థిరపడాలనుకుంటున్నారని ఆఫీసర్ ముందే అనుకోవాలి, కాదని చూపించాల్సింది మనమే. ఆమెని మౌనం గురించి హెచ్చరించనందుకు నేను చాలా రోజులు బాధపడ్డాను. టైపింగ్ అంటే నీ గురించి రాసుకోవడం, అంతే. చేతులు కిందికి వదిలి, వాళ్ల వైపు చూస్తూ నిలబడు.

చదువయ్యాక ఏం చేస్తావంటే దేశభక్తి ఉపన్యాసం వద్దు. విశాఖలో నీటి శుద్ధి పనులు చేసే కంపెనీల్లో చేరాలని నాతో అన్నావు. నిజంగా అదే నీ ఆలోచనైతే అదే చెప్పు.

సాధన కుర్చీలో కూర్చుని చేయకు. అక్కడ నిలబడే మాట్లాడాలి. దుకాణం వెనక గది కిటికీ అద్దం మూసి, తమ్ముణ్ణి అవతల నిలబెట్టు. ఫ్యాను తిరుగుతూ ఉండనీ. ప్రశ్నలు చీటీలమీద రాసి కలిపేసి ఏది వస్తే అది అడగమను. ఒక్కో జవాబు పది సెకన్లు దాటితే అద్దం మీద తట్టమను. జవాబులు మాత్రం రాసుకోవద్దు. ‘నాన్న – దుకాణం – 35’ అని మూడు గుర్తులు చాలు. వాక్యం ప్రతిసారీ కొంచెం మారాలి. ఒకే మాటల్లో వస్తుంటే బట్టీ పట్టేశావని అర్థం.

వేలిముద్రలకి వేరే రోజు, వేరే చోటికి వెళ్లాలి, రెండు తేదీలూ సరిచూసుకో. ఇంటర్వ్యూ రోజున ఫోన్ లోపలికి రానివ్వరు, బయట బావ దగ్గరే వదిలెయ్. కాగితాలు ఫైల్లో ఉంచుకో, అడిగినదే తీసి ఇవ్వు.

ఈ ఆదివారం నుంచి రోజూ నీకు ఫోన్ చేస్తాను, ఏ వేళకో చెప్పను. ఎత్తగానే ‘ఎలా ఉన్నావు’ అనను, ఇంగ్లిష్‌లో ప్రశ్న అడుగుతాను. రెండు వాక్యాల్లో జవాబు చెప్పి ఆగు. నేను కాసేపు ఏమీ మాట్లాడను. నువ్వూ మాట్లాడకు.

మీ మామయ్య